నాన్నని అన్నే చంపితే: ఆస్తి అతని పేరు మీదికి వెళ్ళకుండా ఆపడం ఎలా

విజయనగరం కోర్టు బయట టీ బండి దగ్గర ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, కానీ ఒక్కరూ సూటిగా అడగలేదు. "చిన్న భూమి గొడవండీ" అని మొదలుపెడతారు, వీఆర్వో గురించి చెప్తారు, పాసుపుస్తకం గురించి చెప్తారు, రెండో టీ అయ్యేసరికి నెమ్మదిగా "మా అన్న జైల్లో ఉన్నాడు లెండి, నాన్న కేసులోనే" అంటారు. అక్కడికి గానీ అసలు విషయం తెలియదు.

చట్టం చిన్నదే. హిందూ వారసత్వ చట్టం, 1956లో 25వ సెక్షన్ ఉంది. హత్య చేసినవాడు గానీ, హత్యకి ప్రేరేపించినవాడు గానీ, ఆ చనిపోయిన మనిషి ఆస్తికి వారసుడు కాలేడు. అంతేకాదు, ఏ ఆస్తి తనకి రావడం కోసం ఆ హత్య చేశాడో ఆ ఆస్తి కూడా రాదు. ఈ రెండో మాట చాలామంది చూడరు. తండ్రి ఆస్తి మొత్తం తనకే దక్కాలని తమ్ముణ్ణి చంపాడనుకోండి, రేపు తండ్రి మామూలుగా ముసలితనంతో పోయినా సరే, ఆ తండ్రి ఆస్తికి కూడా వీడు అనర్హుడే. ఈ నియమం 1956లో కొత్తగా పుట్టిందేం కాదు, 1924లోనే, బ్రిటిష్ కాలంలో మన కేసులకి చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్, బొంబాయి వైపు నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే చెప్పింది, చంపినవాణ్ణి అసలు లేనట్టే లెక్కేసుకోవాలంది.

కాబట్టి "చట్టం ఉందా" అన్నది సమస్య కాదు. చట్టం దానంతటది వచ్చి మీ పాసుపుస్తకంలో పేరు కొట్టెయ్యదు, సమస్య అదీ. మీరు కదలకపోతే ఆఫీసు కాగితాల్లో ఆయన ఇప్పటికీ పెద్దకొడుకే.

ఒక కుటుంబాన్ని అనుకుని లెక్క వేద్దాం, గాల్లో మాట్లాడితే అర్థం కాదు. చీపురుపల్లి వైపు ఒక ఊరు. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, పెళ్ళయిన ఒక కూతురు. భూమి మొత్తం ఏడు ఎకరాలు, అందులో నాలుగు ఎకరాలు పల్లం, ముత్తాత నుంచి ఉమ్మడిగా వస్తూ తాతలు పంచుకున్నప్పుడు ఈ తండ్రి శాఖకి దక్కింది. మిగతా మూడు ఎకరాల మెట్ట తండ్రి సొంతంగా కొన్నది, జీడితోట వేశాడు. బ్యాంకులో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, నామినీ పెద్దకొడుకు. తోట అమ్మి అప్పు తీర్చమని పెద్దకొడుకు, అమ్మనని తండ్రి, చివరికి కల్లంలో కత్తి. పెద్దకొడుకు అరెస్టయ్యాడు. అతనికి భార్య, ఇద్దరు చిన్నపిల్లలు.

ముందు ఆస్తిని రెండు కుప్పలు చేయండి

అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. "చంపాడు కాబట్టి వాడికి ఏమీ రాదు" అని ఊరంతా అంటుంది. తప్పు. 25వ సెక్షన్ పోగొట్టేది వారసత్వాన్ని, అంటే చనిపోయినాయన నుంచి రావాల్సినదాన్ని. పిత్రార్జితంలో పుట్టుకతోనే అతనికి వచ్చిన సొంత వాటా తండ్రి ఆస్తి కాదు, అది ముందు నుంచీ అతనిదే. దాన్ని ఈ సెక్షన్ ముట్టుకోదు.

లెక్క ఇలా వస్తుంది. నాలుగు ఎకరాల పిత్రార్జితంలో తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు, నలుగురికి తలా ఒక ఎకరం. కూతురెందుకు అంటారేమో, 2005 సెప్టెంబరు 9 నుంచి కూతురు కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుదారు, పెళ్ళయినా సరే, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకం జరిగిపోయి ఉంటే తప్ప. తల్లికి ఈ దశలో విడి వాటా లెక్కించరు, మన వైపు పాత ఆచారం అది. ఆమె వాటా తర్వాతి దశలో వస్తుంది.

ఇప్పుడు తండ్రిది అని చెప్పగలిగింది ఎంత? పిత్రార్జితంలో ఆయన ఎకరం, సొంతంగా కొన్న మూడు ఎకరాలు. మొత్తం నాలుగు ఎకరాలు, అంటే 400 సెంట్లు. హత్య లేకుండా ఆయన మామూలుగా పోయి ఉంటే తల్లి, ఇద్దరు కొడుకులు, కూతురు తలా 100 సెంట్లు తీసుకునేవాళ్ళు. పెద్దకొడుకు లెక్కలోంచి పోయాడు కాబట్టి ముగ్గురికి తలా 133 సెంట్ల చిల్లర. పెద్దకొడుకు చేతిలో మిగిలేది తన సొంత ఎకరం ఒక్కటే. అందులోనూ అతని పిల్లలకి పుట్టుకతో హక్కు ఉంటుంది.

"పిత్రార్జితం" అన్న మాటతో మాత్రం జాగ్రత్త. తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం కాదు. తాత తన కష్టార్జితంతో కొన్న భూమి, ఆయన 1956 జూన్ 17 తర్వాత వీలునామా లేకుండా పోతే మీ నాన్నకి వచ్చిందనుకోండి, అది మీ నాన్న సొంత ఆస్తి కిందే లెక్క, దాంట్లో మనవలకి పుట్టుకతో హక్కు లేదు. అంటే పెద్దకొడుక్కి ఆ ఎకరం కూడా ఉండదు. అందుకే మొదటి పని లాయరు దగ్గరికి పరిగెత్తడం కాదు. ప్రతి సర్వే నంబరు పక్కన అది మీ నాన్నకి ఎప్పుడు, ఎవరి నుంచి, ఏ కాగితంతో వచ్చిందో ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. పాత పంపకాల కాగితం, తాత మరణ ధ్రువీకరణ పత్రం, కొన్న దస్తావేజు, పాత అడంగల్ నకళ్ళు. రిజిస్టరు కాని పాత పంపకాల చీటీ ఇంట్లో రేకుపెట్టెలో ఉంటే దాన్ని పారెయ్యకండి, మడతలు చిరిగిపోతున్నా సరే తెచ్చి చూపించండి.

కాగితాలు కూడబెట్టడం

ఎఫ్‌ఐఆర్ ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకి ఉచితంగా కాపీ ఇవ్వాలి, అడిగి తీసుకోండి. పోస్టుమార్టం రిపోర్టు, శవ పంచనామా, ఛార్జిషీటు కావాలి. కొత్త క్రిమినల్ చట్టాల ప్రకారం, అంటే 2024 జూలై 1 నుంచి, బాధిత కుటుంబం లాయరు ద్వారా హాజరైతే ఛార్జిషీటు కాపీలు వాళ్ళకీ ఇవ్వాలి. కాబట్టి క్రిమినల్ కోర్టులో ఒక లాయరుతో వకాలతు వేయించడం దండగ ఖర్చు కాదు. కేసు సీఎన్ఆర్ నంబరు రాసుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు మీరే చూసుకోవచ్చు, ప్రతిసారీ గుమస్తాకి ఫోన్ చెయ్యక్కర్లేదు.

ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్ నంబరు చూడండి. 2024 జూలై 1కి ముందు జరిగిన హత్యకి ఐపీసీ 302, తర్వాత జరిగినదానికి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్ 103. ఆ నంబరు ఎందుకు ముఖ్యమో కింద చెప్తాను.

తహసీల్దార్ ఆఫీసులో ఏం అడగాలి, ఏం అడగకూడదు

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి సచివాలయంలో దరఖాస్తు పెట్టగానే పెద్దకొడుకు పేరు కూడా అందులో వస్తుంది. చాలామంది అక్కడ గొడవ పడతారు, "తండ్రిని చంపినవాడి పేరు ఎలా రాస్తారు" అని. రాస్తారు. ఆ సర్టిఫికెట్ చెప్పేది కుటుంబంలో ఎవరెవరు ఉన్నారనే, ఎవరికి ఆస్తి వస్తుందో అది చెప్పదు. చంపినా కొడుకు కొడుకే కదా, ఆ కాగితం దృష్టిలో. ఆ పేరు తీయించడానికి ఆరు నెలలు తిరగడం కంటే ఆ సర్టిఫికెట్ తీసేసుకుని ముందుకు వెళ్ళడం మేలు.

ఆపాల్సింది మ్యుటేషన్‌ని. తండ్రి ఖాతాలో ఉన్న భూమిని వారసుల పేర్ల మీదికి మార్చమని దరఖాస్తు వస్తే వీఆర్వో విచారణ చేస్తాడు, నోటీసు ఇస్తారు, అభ్యంతరాలు లేకపోతే భూమి ఎవరి ఖాతాలో ఉందో చూపే వన్-బి రికార్డులో పేర్లు మారిపోతాయి. జైల్లో ఉన్నవాడు ఎలా దరఖాస్తు పెడతాడంటారా, అతని భార్య పెడుతుంది, బావమరిది తిప్పుతాడు. మీరు ముందే తహసీల్దార్‌కి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. చాలా వివరంగా అక్కర్లేదు. ఇలా సరిపోతుంది:

"మా తండ్రిగారు ఫలానా తేదీన హత్యకు గురయ్యారు. ఆ కేసులో మా అన్నగారు ముద్దాయి, ఎఫ్‌ఐఆర్ కాపీ జతచేశాను. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఆయన వారసత్వ హక్కుపై వివాదం ఉన్నది. సివిల్ కోర్టు తేల్చేవరకు ఫలానా సర్వే నంబర్ల భూమిని ఆయన పేరున గానీ, ఆయన ద్వారా హక్కు చెప్పేవారి పేరున గానీ మ్యుటేషన్ చేయవద్దని, నాకు నోటీసు ఇవ్వకుండా ఏ ఉత్తర్వూ ఇవ్వవద్దని కోరుతున్నాను."

రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వెయ్యమంటే రేపు రమ్మంటారా, అయితే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి, ఆ రుజువు ముద్ర కంటే గట్టి సాక్ష్యం. "వీడు హంతకుడు, అనర్హుడని ప్రకటించండి" అని మాత్రం తహసీల్దార్‌ని అడగకండి. అది ఆయన చేతిలో లేదు, హక్కుల తగాదా సివిల్ కోర్టే తేల్చాలి, తేల్చాక డిక్రీ ప్రకారం రికార్డు మారుస్తారు. లేని అధికారం అడిగితే మీ దరఖాస్తు మొత్తం పక్కన పెట్టడానికి ఆయనకి మంచి సాకు దొరుకుతుంది.

మీ ఇంటి వాళ్ళు మీభూమి సైట్‌లో వన్-బి నెలకోసారి చూస్తూ ఉండాలి. ఆ భూమి మీద ఏ రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపే ఈసీ మూడు నాలుగు నెలలకోసారి తీయండి. జైల్లో ఉన్నవాడు రిజిస్ట్రారు ఆఫీసుకి రాలేడు కదా అని ధీమాగా ఉండకండి. జైల్లో ఉన్న మనిషి రిజిస్ట్రారు ముందుకి రాకుండానే పవరాఫ్ అటార్నీ ఇచ్చే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఆ పవరుతో బావమరిది జీడితోట అమ్మేయగలడు. కొన్నవాడికి అమ్మినవాడికంటే మంచి హక్కు రాదు, నిజమే, కానీ అప్పుడు మీకు ఎదురు నిలబడేది అన్న ఒక్కడే కాదు, డబ్బు పోసిన మూడో మనిషి కూడా.

బ్యాంకు

డిపాజిట్ నామినీ పెద్దకొడుకు అని చెప్పాను కదా. నామినీ అంటే డబ్బు పుచ్చుకునే మనిషి, దాని యజమాని కాదు, అది అసలైన వారసులకి చెందాలి. కానీ బ్యాంకు నామినీకి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది, తర్వాత మీరు అతని వెంట పడాలి. అందుకే మరణం తర్వాత మొదటి వారంలోనే బ్రాంచి మేనేజరుకి ఉత్తరం ఇవ్వండి, ఎఫ్‌ఐఆర్ కాపీ జతచేసి, వివాదం ఉందని, కోర్టు ఉత్తర్వు లేకుండా చెల్లించొద్దని. ఉత్తరం ఒక్కటే బ్యాంకుని కట్టిపడేయదు, కోర్టు నుంచి ఆపే ఉత్తర్వు, అంటే ఇంజంక్షన్, తెచ్చుకోవాల్సిందే, కానీ ఉత్తరం ఉంటే మేనేజరు తొందరపడడు.

ఆ డబ్బు మీరు తీసుకోవడానికి సక్సెషన్ సర్టిఫికెట్ కోర్టు నుంచి కావాలి. ఆ పిటిషన్‌లో చనిపోయినాయన దగ్గరి బంధువులందరి పేర్లూ రాయాలి, పెద్దకొడుకు పేరు కూడా. రాసి, పక్కన "25వ సెక్షన్ ప్రకారం అనర్హుడు" అని కారణం చెప్పాలి. పేరే ఎత్తకుండా వదిలేస్తే దాచిపెట్టారని సర్టిఫికెట్ రద్దు చేయించగలరు. ఈ సర్టిఫికెట్ డబ్బుకీ బాకీలకీ మాత్రమే, భూమికి పనికిరాదు.

సివిల్ కోర్టులో దావా

అసలు పని ఇక్కడ. భూమి ఉన్న ప్రాంతపు సివిల్ కోర్టులో పంపకం కోసం దావా, దానిలోనే పెద్దకొడుకు తండ్రి ఆస్తికి అనర్హుడని ప్రకటించమని కోరిక, దానితోపాటే భూమి అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ కోసం పిటిషన్. మన ఉదాహరణలో తల్లి, చిన్నకొడుకు, కూతురు వాదులు. పెద్దకొడుకు, అతని భార్య, పిల్లలు ప్రతివాదులు. ఇంజంక్షన్ రాగానే దాని సర్టిఫైడ్ కాపీ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో, తహసీల్దార్ ఆఫీసులో, బ్యాంకులో ఇవ్వాలి. ఉత్తర్వు లాయరు ఫైల్లోనే నిద్రపోయి, ఈలోగా సబ్‌రిజిస్ట్రారు తెలియక రిజిస్ట్రేషన్ చేసేసిన సందర్భాలు లేకపోలేదు. అవతలివాళ్ళు ముందే ఏదో కేసు వేసి మీకు తెలియకుండా ఉత్తర్వు తెచ్చుకుంటారని భయం ఉంటే, మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుని కోరే కేవియట్ వేయండి, అది 90 రోజులు పనిచేస్తుంది.

క్రిమినల్ కేసు తేలేవరకు ఆగాలా? ఆగక్కర్లేదు. 25వ సెక్షన్‌లో "శిక్ష పడితే" అన్న మాట లేదు, "హత్య చేసినవాడు" అనే ఉంది. ఆ ప్రశ్న సివిల్ కోర్టు తనంతట తాను విచారించగలదు. ఆచరణలో ఏమవుతుందంటే, ఇంజంక్షన్ వచ్చాక సెషన్స్ తీర్పు వచ్చేదాకా సివిల్ దావా మెల్లగా నడుస్తుంది, జడ్జిలు కూడా అదే ఇష్టపడతారు. మీకూ నష్టం లేదు, భూమి కదలకుండా ఉంది కదా. పంటకి మాత్రం ఏర్పాటు అడగండి, ఎవరు సాగు చేయాలి, ఆ ఆదాయం లెక్క ఎవరు ఉంచాలి అని. జీడి పిక్కలు ఎవరు ఏరుకోవాలన్న దగ్గర రెండో కొట్లాట జరగకుండా.

శిక్ష పడితే తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసి సివిల్ కోర్టులో వెయ్యండి. అక్కడితో అయిపోయిందనుకోకండి. ఒక్క తీర్పు కాపీ మీద ఆధారపడకుండా కనీసం ఒకరిద్దరు సాక్షులని సివిల్ కోర్టులో కూడా చెప్పించండి, ఎందుకంటే క్రిమినల్ కోర్టు తేల్చిన విషయాలు సివిల్ కోర్టుని యథాతథంగా కట్టిపడేయవు, పైగా హైకోర్టులో అప్పీలు నడుస్తూ ఉంటుంది.

క్రిమినల్ కేసు కొట్టేస్తే? సంశయలాభం కింద వదిలేశారనుకోండి. క్రిమినల్ కోర్టుకి సందేహానికి తావు లేని రుజువు కావాలి, సివిల్ కోర్టుకి ఏది ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందన్నది చాలు. కాబట్టి కొట్టేసినంత మాత్రాన మీ దావా పోదు. కానీ కొట్టేసిన కారణం చదవండి. సాక్షులు భయపడి రాకపోతే ఒక సంగతి, ఆ టైముకి అతను అసలు ఊళ్ళోనే లేడని కోర్టు నమ్మితే ఇంకో సంగతి.

రెండు పడవల మీద కాళ్ళు

ఇది చెప్పడానికే నిజానికి ఇదంతా మొదలుపెట్టాను.

మన ఊళ్ళలో ఇలాంటి హత్య జరిగాక ఆరు నెలలకి పెద్దమనుషులు కూర్చుంటారు. పోయినవాడు ఎలాగూ రాడు, ఉన్నవాడు జైల్లో పోతే పిల్లలు రోడ్డున పడతారు, తల్లి కళ్ళ ముందు ఇంకో కొడుకు పోవడం ఎందుకు అంటారు. తల్లి ఏడుస్తుంది. చివరికి ఒప్పందం, తల్లీ తమ్ముడూ సెషన్స్ కోర్టులో "మేం చూడలేదండీ, చీకటిగా ఉంది" అని చెప్పాలి, బదులుగా పెద్దవాడు ఆస్తిలో ఏమీ అడగడు. హత్య కేసు రాజీ పడే కేసు కాదు, అందుకే అది కాగితం మీద ఉండదు, నోటి మాటే. అతను బయటికి వస్తాడు. రెండేళ్ళకి "నా వాటా ఏదీ" అంటాడు.

అప్పుడు మీరు 25వ సెక్షన్ పట్టుకుని సివిల్ కోర్టుకి వెళ్తే, బోనెక్కిన మీ అమ్మని అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా, "ఫలానా తేదీన సెషన్స్ కోర్టులో ప్రమాణం చేసి, ఎవరు చంపారో చూడలేదని చెప్పారు, అవునా?" ఆ వాంగ్మూలం కాపీ ఆయన చేతిలో ఉంటుంది. అవునంటే దావా పోయినట్టే, కాదంటే అప్పుడు అబద్ధం చెప్పారన్నమాట, అది ఇంకో నేరం. చంపలేదని ఒక కోర్టులో చెప్పి, చంపాడు కాబట్టి అతనికి ఆస్తి రాదని ఇంకో కోర్టులో చెప్పడం కుదరదు. తల్లి మనసు నేను కాదనను, అది వాళ్ళ నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకునే ముందు దాని ఖరీదు మన లెక్కలో 100 సెంట్లు అని, ఒక్కోసారి అతను అడిగేది అంతకంటే ఎక్కువ అని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

నిజంగానే కుటుంబం అతనికి ఏదైనా ఇవ్వాలనుకుంటే, లేదా అతని పిల్లలకి ఇవ్వాలనుకుంటే, కోర్టు తేల్చాక మీ వాటాలోంచి రిజిస్టరు దస్తావేజుతో ఇవ్వండి. ఎవరూ వద్దనరు. దానికోసం సాక్ష్యం మార్చక్కర్లేదు.

వదిన, పిల్లలు

అనర్హుడైనవాడు ఆస్తిపరుడికంటే ముందే చనిపోయినట్టు లెక్కించాలని 27వ సెక్షన్ అంటుంది. దీన్ని పట్టుకుని వదిన లాయరు తెలివిగా ఒక వాదన తెస్తాడు. ముందే చనిపోయిన కొడుకు భార్యా పిల్లలు కూడా మొదటి తరగతి వారసులే కదా, కాబట్టి అతనికి రావాల్సిన 100 సెంట్లు వీళ్ళకి ఇవ్వండి అని. వినడానికి బాగానే ఉంటుంది. 2005లో సుప్రీంకోర్టు ముందుకి సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది, కొడుకు తండ్రిని చంపితే కోడలు ముందే పోయిన కొడుకు భార్యనన్న లెక్కలో ఆస్తి అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు. 1924 నాటి మాటనే మళ్ళీ చెప్పింది, హంతకుడి నుంచి కొత్త వారసత్వ శాఖ మొదలవదు, అతనికి హక్కు లేనప్పుడు అతని ద్వారా వచ్చే ఆమెకీ లేదు.

పిల్లల సంగతి అంత తేలిక కాదు. ఆ తీర్పులో అడిగింది భార్య. 27వ సెక్షన్ మాటలు చూస్తే పిల్లల వైపు వాదించడానికి చోటు ఉంది, తీర్పులో "శాఖ మొత్తం పోతుంది" అన్న ధోరణి చూస్తే మీ వైపు బలం ఉంది. తాతని చంపింది ఆ పిల్లలు కాదు కదా అన్న మాట జడ్జి మనసులో ఉంటుంది, ఎవరి మనసులోనైనా ఉంటుంది. అందుకే పిల్లల్ని దావాలో చేర్చమంటున్నాను. మైనర్లు కాబట్టి కోర్టు వాళ్ళకి గార్డియన్‌ని పెడుతుంది, సాధారణంగా తల్లినే. చేర్చకుండా డిక్రీ తెచ్చుకుంటే, పద్దెనిమిదేళ్ళు నిండగానే వాళ్ళు కొత్త దావా వేస్తారు, అప్పటికి మీకు ఓపిక ఉండదు.

సెక్షన్ నంబరు ఎక్కడ తేడా తెస్తుంది

ఎఫ్‌ఐఆర్‌లో హత్య అని ఉన్నా తీర్పులో అది హత్య కాని ప్రాణహరణంగా తగ్గొచ్చు, ఐపీసీ 304, ఇప్పుడు బీఎన్ఎస్ 105. సంక్రాంతికి తాగి తండ్రిని తోస్తే అరుగు మీద తల తగిలి పోయాడు, ఇలాంటివి. 25వ సెక్షన్‌లో ఉన్న మాట హత్య. అవతలి లాయరు ఈ తగ్గింపునే పట్టుకుంటాడు. మీ లాయరు రెండు దారుల్లో వెళ్ళాలి, ఒకటి జరిగింది హత్యేనని సివిల్ కోర్టులో విడిగా సాక్ష్యం పెట్టడం, రెండు, తను చేసిన తప్పు వల్ల తనే లాభపడకూడదన్న పాత న్యాయసూత్రం మీద ఆధారపడటం. హత్య అన్న మాటని విశాలంగా చూసిన కోర్టులు ఉన్నాయి, కట్నం చావు కేసులో భర్తకి భార్య ఆస్తి రాదని బాంబే హైకోర్టు అంది. అయినా 304కి తగ్గిన కేసులో ఖాయంగా గెలుస్తామని ఎవరైనా చెప్తే నమ్మకండి.

బండి మీద తండ్రిని తీసుకెళ్తూ ప్రమాదం చేసి ఆయన పోతే ఇది వర్తించదు, అది నిర్లక్ష్యం, హత్య కాదు. మతిస్థిమితం లేక చంపాడని కోర్టు వదిలేస్తే అదీ హత్య కింద రాదు. తండ్రి పురుగుమందు తాగితే కొడుకు వేధింపులే కారణమన్న కేసులో ఆత్మహత్యకి ప్రేరణ అవుతుంది, ఇది హత్యకి ప్రేరణ కంటే వేరు. తండ్రి వీలునామాలో పెద్దకొడుక్కే రాసి ఉన్నా భయపడకండి, అక్కడ కూడా కోర్టులు అదే పాత సూత్రంతో ఆపుతాయి, కానీ దావాలో ఆ వీలునామాని ఎదుర్కొనే మాట ముందే రాయించండి.

ఇదంతా హిందువులకి. ముస్లిం కుటుంబాల్లో హనఫీ పద్ధతిలో పొరపాటున చంపినా వారసత్వం పోతుంది, షియా పద్ధతిలో కావాలని చంపితేనే పోతుంది. క్రైస్తవుల చట్టంలో ఇలాంటి సెక్షన్ విడిగా లేదు, అక్కడ న్యాయసూత్రమే ఆధారం.

డిక్రీ వచ్చాక

పంపకం దావాలో మొదట వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ, అందులో ఎవరికి ఎంత వాటా అనే ఉంటుంది. అది చూసి సంబరపడి ఆగిపోయేవాళ్ళు ఎక్కువ. తర్వాత ఫైనల్ డిక్రీ దశ కూడా నడిపించుకోవాలి, కోర్టు ఒక అడ్వకేట్ కమిషనర్‌ని పెడుతుంది, ఆయన సర్వేయరుతో వచ్చి కొలిచి ప్లాను గీస్తాడు. ఆ ఫైనల్ డిక్రీ స్టాంపు కాగితాల మీద ఎక్కాకే తహసీల్దార్ దగ్గరికి వెళ్ళి పేర్లు మార్పించుకోవాలి.

కమిషనర్ వచ్చే రోజున ఇంట్లో ఎవరో ఒకరు పొలంలో ఉండండి. మన ఉదాహరణలో పెద్దకొడుక్కి పల్లంలో ఒక ఎకరం ఇవ్వాలి, తప్పదు, అతను జైల్లో ఉన్నా బయట ఉన్నా అది అతనిది. ఏ ఎకరం అన్నది ఆ రోజు తేలుతుంది. బోరు ఉన్న మడి, కాలవ మొదటి తూము ఉన్న మడి, దారి పక్క మడి, ఏది ఎవరికి ఎందుకు కావాలో రాతపూర్వకంగా మెమో ఇవ్వండి. తల్లి ఇంటికి వెళ్ళే గట్టు అతని ఎకరంలోంచి పోతూ ఉంటే ఆ సంగతి అప్పుడే చెప్పండి, దారి హక్కు ప్లానులో గీయించండి. రాయి పాతేశాక ఆ గట్టు మీద నడవడానికి ఇంకో దావా వెయ్యాల్సి వస్తుంది.